ఆఫీసులో తెలియకుండా ఉద్యోగం వెతకాలంటే...

ఉద్యోగం మారాలనుకోవడం తప్పేం కాదు. కానీ ఆ సంగతి ముందే మేనేజర్ చెవిన పడితే ఏమవుతుందో ఐటీలో ఏడాది పనిచేసిన వాళ్లెవరినైనా అడగండి. పైకి ఎవరూ ఏమీ అనరు. కాకపోతే వచ్చే ప్రాజెక్టు జాబితాలో పేరుండదు. అప్రైజల్‌లో రేటింగ్ ఓ మెట్టు దిగుతుంది. ఆన్‌సైట్ మాటెత్తితే ‘చూద్దాంలే’ అంటారు. ఎలాగూ వెళ్లిపోయే మనిషే కదా అన్నది వాళ్ల లెక్క. తీరా అనుకున్న ఉద్యోగం రాకపోతే అటు కొత్తదీ లేదు, ఇటు ఉన్నచోట మాటా పోయింది!

పైగా ఈ వెతుకులాట పది రోజుల్లో తేలే పని కాదు. ప్రొఫైల్ సిద్ధం చేసుకోవడం, ఫోన్లు, మూడు నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూలు, హెచ్‌ఆర్‌తో జీతం బేరం... అన్నీ కలిసి నెలలు పడుతుంది. చాలా ఐటీ సర్వీసెస్ కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు. ఇంతకాలం ఒక విషయాన్ని దాచుకోవాలంటే నోరు కట్టుకుంటే చాలదు. ఎందుకంటే ఈ రోజుల్లో సంగతి బయటపడేది ఎక్కువగా నోటి నుంచి కాదు. జాబ్ సైట్‌లో ఒక సెట్టింగ్ నుంచి, కన్సల్టెన్సీ పంపిన ఒక రెజ్యూమే నుంచి, టేబుల్ మీద వెలిగిన ఫోన్ నుంచి.

తేలిగ్గా అర్థమవడానికి ఒకమ్మాయిని ఊహించుకుందాం. మాదాపూర్‌లో ఓ సర్వీసెస్ కంపెనీ. నాలుగేళ్లుగా ఆటోమేషన్ టెస్టింగ్. నెలకు చేతికొచ్చేది దాదాపు 50 వేలు. నోటీస్ 90 రోజులు. వారంలో మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు. ఈ అమ్మాయి మొదటి రోజు నుంచి రాజీనామా దాకా ఎక్కడెక్కడ జాగ్రత్తపడాలో వరసగా చూద్దాం.

నౌక్రీలో మీరు ఎవరికి కనిపిస్తున్నారు?

అందరిలాగే మన అమ్మాయి కూడా ముందు నౌక్రీ డాట్ కామ్ తెరుస్తుంది. కాలేజీ రోజుల్లో పెట్టిన ప్రొఫైల్ అక్కడే ఉంటుంది. దాన్ని కొత్త అనుభవంతో అప్‌డేట్ చేస్తుంది. సరిగ్గా ఇక్కడే మొదటి చిల్లు.

నౌక్రీ ఒక బజారులాంటిది. కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లు డబ్బు కట్టి దాని రెజ్యూమే డేటాబేస్‌లో వెతుక్కుంటారు. మీ కంపెనీ హెచ్‌ఆర్‌కీ ఆ లాగిన్ ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే వాళ్లకీ టెస్టర్లు కావాలి. ‘సెలీనియం, హైదరాబాద్, నాలుగేళ్లు’ అని కొట్టగానే వచ్చే జాబితాలో తమ ఉద్యోగి పేరే కనిపిస్తే? ప్రొఫైల్ ఈమధ్య ఎప్పుడు మార్చారో, ఎప్పుడు యాక్టివ్‌గా ఉన్నారో కూడా రిక్రూటర్‌కు తెలుస్తుంది. నాలుగేళ్ల కిందటి పాత ప్రొఫైల్ ఉంటే ఎవరూ పట్టించుకోరు. నిన్న మార్చిన ప్రొఫైల్ అయితే మాత్రం కథ వేరు.

అందుకే అప్‌డేట్ బటన్ నొక్కడానికి ముందే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఫలానా కంపెనీలకు నా ప్రొఫైల్ కనిపించకూడదని బ్లాక్ చేసుకోవాలి. ఇందులోనూ ఓ మెలిక ఉంది. ఒక్కో పెద్ద కంపెనీకి నాలుగైదు పేర్లుంటాయి. టెక్నాలజీస్ ఒకటి, సొల్యూషన్స్ ఒకటి, కొనేసిన చిన్న కంపెనీ మరొకటి. మీ పేస్లిప్ మీదున్న పేరు ఒక్కటే బ్లాక్ చేస్తే మిగతా తలుపులు తెరిచే ఉంటాయి. గ్రూపులోని పేర్లన్నీ టైప్ చేసి చూడండి. మీరు పనిచేస్తున్న క్లయింట్ పేరు కూడా చేర్చండి. క్లయింట్ దగ్గర్నుంచి మీ మేనేజర్‌కు ఫోన్ రావడానికి ఐదు నిమిషాలు చాలు.

ఇంకో తప్పు చాలామంది తెలిసే చేస్తారు. నోటీస్ పీరియడ్ దగ్గర నిజం చెబితే కాల్స్ రావని, రాజీనామా చేయకుండానే ‘Serving Notice Period’ అని ఎంచుకుంటారు. కాల్స్ వస్తాయి, నిజమే. కానీ చివరి పనిరోజు ఎప్పుడని అడిగినప్పుడు అబద్ధం మీద అబద్ధం చెప్పాలి. పొరపాటున ఆ ప్రొఫైల్ మీ ఆఫీసు వాళ్ల కంటపడితే, ఉద్యోగం చూసుకుంటున్నారని కాదు, అప్పుడే వదిలేశారని అనుకుంటారు.

లింక్డిన్‌లో లోగో ఉందా?

లింక్డిన్‌లో ప్రమాదం ఇంకో రకం. నౌక్రీలో రిక్రూటర్లే చూస్తారు. ఇక్కడ పక్క సీటు వాళ్లు కూడా చూస్తారు.

‘Open to Work’ పెట్టేటప్పుడు రెండు దారులుంటాయి. ఒకటి అందరికీ కనిపించేది, ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ వస్తుంది. రెండోది ‘Recruiters only’. మన అమ్మాయికి కావలసింది రెండోదే అని వేరే చెప్పక్కర్లేదు. ఇది పెట్టుకుంటే మీ సొంత కంపెనీ రిక్రూటర్లకు కనిపించకుండా చూడటానికి ప్రయత్నిస్తామని లింక్డిన్ అంటుంది. ‘ప్రయత్నిస్తాం’ అనే అంటుంది, పూర్తి గోప్యతకు గ్యారంటీ ఇవ్వలేమని కూడా తనే చెబుతుంది.

ఆ వడపోత పనిచేయాలంటే మీరు ఏ కంపెనీలో ఉన్నారో లింక్డిన్‌కు సరిగ్గా తెలియాలి. అది ఎలా తెలుస్తుంది? మీ ప్రొఫైల్‌లో ప్రస్తుత ఉద్యోగం దగ్గర కంపెనీ అసలు పేజీని ఎంచుకుంటేనే. చాలామంది పేరు టైప్ చేసి, కింద వచ్చే జాబితాలోంచి ఎంచుకోకుండా వదిలేస్తారు. అప్పుడు కంపెనీ లోగో బదులు బోసిగా బూడిదరంగు డబ్బా కనిపిస్తుంది. ఆ డబ్బా కనిపిస్తే మీ కంపెనీ ఏదో వడపోతకు తెలియనట్టే లెక్క. ఎవరి నుంచి దాచాలో దానికి తెలియదు. ‘Recruiters only’ పెట్టేముందు లోగో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

రెండోది, ఎడిటింగ్. హెడ్‌లైన్ మార్చి, స్కిల్స్ పది చేర్చి, రెండు సర్టిఫికెట్లు పెడితే అవి కనెక్షన్ల ఫీడ్‌లోకి వెళ్లే అవకాశముంది. ఉద్యోగం వివరాలు మార్చేటప్పుడు పైన ‘Notify network’ అని ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని ఆపేయండి. అన్నీ ఒకే రాత్రి మార్చకుండా రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా మార్చండి. ఏళ్లుగా అటువైపు చూడని మనిషి ఒక్కసారిగా ప్రొఫైల్ తళతళలాడించాడంటే టీమ్ లీడ్‌కు అర్థం కావడానికి నిఘా సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

వేరే కంపెనీ మేనేజర్ల ప్రొఫైళ్లు చూసేటప్పుడు ‘Private mode’ పెట్టుకుంటే మీ పేరు వాళ్లకు కనిపించదు. కాకపోతే ఉచిత ఖాతా అయితే మీ ప్రొఫైల్ ఎవరు చూశారో మీకూ కనిపించదు. వెతికేవాళ్లకు ఆ సమాచారం కూడా అవసరమే. కాబట్టి ఇంటర్వ్యూ ముందు ఒకట్రెండు రోజులు పెట్టుకుని తర్వాత తీసేస్తే సరి.

కన్సల్టెన్సీ అనే అసలు చిల్లు

పై రెండు చోట్లా అన్ని సెట్టింగ్స్ పెట్టుకున్నా ఆపలేనిది ఒకటుంది. అది కన్సల్టెన్సీ. మీరు మీ కంపెనీని బ్లాక్ చేశారు సరే. మీ కంపెనీ కోసం మనుషుల్ని వెతికే బయటి ఏజెన్సీని బ్లాక్ చేయలేరు కదా! వాళ్ల లాగిన్‌లో మీ ప్రొఫైల్ నిక్షేపంగా కనిపిస్తుంది.

మన అమ్మాయికి ఓ రోజు ఫోన్ వస్తుంది. ‘మేడమ్, హైదరాబాద్‌లో టాప్ ఎంఎన్‌సీ. హైటెక్ సిటీ లొకేషన్. ఆటోమేషన్ టెస్టింగ్. రెజ్యూమే పంపుతారా?’ కంపెనీ పేరు మాత్రం చెప్పరు. ‘షార్ట్‌లిస్ట్ అయ్యాక చెప్తాం’ అంటారు. ఆ టాప్ ఎంఎన్‌సీ మీ కంపెనీయే కావచ్చు. పక్క ప్రాజెక్టులో ఖాళీ ఉండి, దాన్ని ఏజెన్సీకి ఇచ్చి ఉండొచ్చు. అలా సొంత ఆఫీసుకే దరఖాస్తు వెళ్లిపోతుంది.

దీనికి మందు ఒక్కటే. కంపెనీ పేరు చెప్పనిదే రెజ్యూమే పంపకూడదు. ఫోన్లో చెప్పడానికి ఇష్టపడకపోతే, మెయిల్‌లో చెప్పమనండి. పేరు తెలిశాక కూడా ఒక్క వాక్యం రాసి పంపండి: ‘నా రెజ్యూమేను ఈ ఒక్క ఉద్యోగానికే వాడండి. మరెక్కడికి పంపాలన్నా ముందు నన్ను అడగండి. ప్రస్తుత కంపెనీని సంప్రదించవద్దు.’ రాతలో ఉంటే తర్వాత అడగడానికి మనకో ఆధారం ఉంటుంది. ఈ మాటకే చిరాకుపడే ఏజెన్సీని వదిలేయడం మంచిది.

ఇలా అడగడంలో ఇంకో లాభముంది. ఒక ఏజెన్సీ మీ రెజ్యూమేను ఒక కంపెనీ సిస్టమ్‌లో ఎక్కించిందంటే కొన్ని నెలలపాటు మీరు ఆ ఏజెన్సీ తెచ్చిన అభ్యర్థే. తర్వాత అదే కంపెనీలో ఉన్న మీ స్నేహితుడు రెఫర్ చేద్దామని చూస్తే ‘డూప్లికేట్’ అని వస్తుంది. నిజానికి గుట్టుగా వెతికేవాళ్లకు రెఫరల్‌కు మించిన దారి లేదు. రెజ్యూమే ఒక్క చేతి నుంచి ఒక్క చేతికే వెళ్తుంది. కాకపోతే స్నేహితుడికి ముందే చెప్పండి, ‘పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో అనొద్దురా బాబూ’ అని. గచ్చిబౌలి నుంచి మాదాపూర్ దాకా ఎవరికి ఎవరు మాజీ కొలీగో చెప్పలేం.

ఫోన్ మీది, లాప్‌టాప్ వాళ్లది

ఆఫీసు లాప్‌టాప్‌లో జాబ్ సైట్లు తెరవకూడదని అందరికీ తెలుసు. ఎందుకో తెలిస్తే ఇంకా గట్టిగా గుర్తుంటుంది. బ్రౌజర్‌లో తాళం గుర్తు ఉంది, ఇన్‌కాగ్నిటో పెట్టాను, ఇంకెవరు చూస్తారు అనుకుంటారు కొందరు. ఇన్‌కాగ్నిటో దాచేది ఆ లాప్‌టాప్‌లో మిగిలే హిస్టరీని మాత్రమే. మీరు ఏ సైట్‌కు వెళ్లారన్నది ఆఫీసు నెట్‌వర్క్‌కు తెలుస్తూనే ఉంటుంది. చాలా కంపెనీలు తమ లాప్‌టాప్‌లలో సొంత సెక్యూరిటీ సర్టిఫికెట్ పెడతాయి. అలాంటప్పుడు సైట్ పేరే కాదు, లోపల ఏం చూశారో కూడా చూడగలిగే వీలుంటుంది. ఎవరో రోజూ కూర్చుని మీ ఒక్కరినే చూస్తున్నారని కాదు. ఎప్పుడైనా చూడాలనుకుంటే లాగ్‌లో ఉంటుంది, అంతే.

రెజ్యూమే విషయంలో ఇంకో చిక్కు. ఆఫీసు లాప్‌టాప్‌లో వర్డ్‌లో తయారుచేస్తే అది దానంతటదే కంపెనీ క్లౌడ్‌లో సేవ్ కావచ్చు. ఫైల్ ప్రాపర్టీస్‌లో ‘Author’ దగ్గర మీ ఆఫీసు ఐడీ, ‘Company’ దగ్గర కంపెనీ పేరు ఉండిపోవచ్చు. కొత్త కంపెనీలో ఎవరైనా తెరిచి చూస్తే ‘ఆఫీసు టైమ్‌లో ఆఫీసు మెషీన్‌లో చేసుకున్నారన్నమాట’ అనుకుంటారు. ఇంట్లో సొంత సిస్టమ్‌లోనో, సొంత జీమెయిల్‌తో గూగుల్ డాక్స్‌లోనో చేసుకుంటే ఈ తలనొప్పి లేదు. క్లయింట్ పేరు, లోపలి ప్రాజెక్టు పేరు రెజ్యూమేలో రాయకండి. ‘అమెరికాలోని ఒక బీమా సంస్థ’ అంటే చాలు. ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టిన గోప్యత ఒప్పందం మీకూ వర్తిస్తుంది.

ఇక ఫోన్. సొంత ఫోనే కదా అని నిర్లక్ష్యం చేస్తాం గానీ, తెరిచిపెట్టిన కిటికీ అదే. లంచ్ టేబుల్ మీద ఫోన్ పెడతాం. ట్రూకాలర్‌లో ‘ఫలానా కన్సల్టెన్సీ హెచ్‌ఆర్’ అని పెద్ద అక్షరాలతో వెలుగుతుంది. పక్కనున్న నలుగురూ చదివేస్తారు. లాక్‌స్క్రీన్ మీద ‘Your interview is scheduled’ అన్న మెయిల్ మొదటి లైన్ కనిపిస్తుంది. నోటిఫికేషన్లలో విషయం కనిపించకుండా దాచుకోవడం, ఆఫీసులో ఫోన్‌ను బోర్లా పెట్టడం... రెండు నిమిషాల పని. జాబ్ సైట్ల కోసం వేరే మెయిల్ ఐడీ పెట్టుకుంటే ఇంకా నయం. ఆఫీసు లాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంచే అలవాటుంటే ఈ మూడు నెలలు మానుకోండి. ఆఫీసు వైఫై బదులు మొబైల్ డేటా వాడండి.

ఇంటర్వ్యూ లింక్ నొక్కే ముందు

ఇంటర్వ్యూ మంగళవారం ఉదయం 8:30కి. ఆ రోజు ఇంటి నుంచే పని. అంతా బాగానే ఉంది. మన అమ్మాయి ఫోన్‌లో మెయిల్ తెరిచి టీమ్స్ లింక్ నొక్కుతుంది. ఫోన్‌లో టీమ్స్ యాప్ ఏ ఐడీతో లాగిన్ అయి ఉంది? ఆఫీసు ఐడీతో! అవతలి ప్యానెల్‌కు ఆమె ప్రస్తుత కంపెనీ ఐడీతో కనిపిస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ మీటింగ్ చాట్ ఆఫీసు టీమ్స్ ఖాతాలో ఒక వరసగా చేరిపోవచ్చు. అదంతా కంపెనీ సిస్టమ్‌లో ఉండే రికార్డు.

అందుకే లింక్‌ను నొక్కొద్దు, కాపీ చేయండి. సొంత లాప్‌టాప్‌లో బ్రౌజర్ ప్రైవేట్ విండో తెరిచి అక్కడ పేస్ట్ చేసి, గెస్ట్‌గా పేరు టైప్ చేసి చేరండి. గూగుల్ మీట్ అయితే ఏ జీమెయిల్‌తో ఉన్నారో పైన కుడివైపు చూసుకోండి. ముందురోజు రాత్రి స్నేహితుడితో ఒక ట్రయల్ వేస్తే తెల్లారి కంగారుండదు.

సమయం విషయంలో రిక్రూటర్లు మొహమాటం లేకుండా మధ్యాహ్నం 3 గంటలంటారు. మీరు కూడా మొహమాటం లేకుండా ‘ఉదయం 9 లోపు, లేదంటే సాయంత్రం 7 తర్వాత. శనివారమైతే ఎప్పుడైనా’ అని చెప్పొచ్చు. పనిచేస్తున్న వాళ్లను తీసుకునే కంపెనీకి ఇది కొత్త కాదు. మధ్యాహ్నమే తప్పదంటే సగం రోజు సెలవు పెట్టేయండి. పనివేళల్లో టీమ్స్‌లో గంటసేపు పసుపు చుక్కతో కనిపించడం కన్నా అది శుభ్రమైన పద్ధతి.

సెలవుకు కారణం ‘పర్సనల్ వర్క్’ చాలు. కథలు అల్లొద్దు. ఒక నెలలో అమ్మమ్మకు ఒంట్లో బాగోలేదు, ఇంకో నెలలో బాబాయి కూతురి నిశ్చితార్థం, ఆ పై నెల పంటినొప్పి... చెప్పిన మనకు గుర్తుండదు, విన్నవాళ్లకు గుర్తుంటుంది. సగం రోజు సెలవులు వరసగా మంగళవారాలే పడినా అనుమానమే. రెండు కంపెనీల రౌండ్లు కుదిరితే ఒకే రోజుకు పెట్టించుకుని పూర్తి రోజు సెలవు తీసుకోండి.

పేస్లిప్పులు, వెరిఫికేషన్

చివరి రౌండ్ అయ్యాక హెచ్‌ఆర్ అడిగేవి సాధారణంగా మూడు నెలల పేస్లిప్పులు, ఫారం 16, ఇప్పటి కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్. అప్పుడు గుర్తొచ్చి ఒకేరోజు ఆఫీసు మెయిల్ నుంచి సొంత జీమెయిల్‌కు పది ఫైళ్లు పంపుకుంటారు చాలామంది. సమాచారం బయటకు పోకుండా కాపలా కాసే సాఫ్ట్‌వేర్‌కు అవి మీ పేస్లిప్పులో, క్లయింట్ డేటానో తెలియదు. అలర్ట్ కొడుతుంది. సెక్యూరిటీ టీమ్ నుంచి మేనేజర్‌కు మెయిల్ వెళ్తుంది. అన్నీ దాచుకున్న మనిషి ఇక్కడ దొరికిపోతాడు. జీతం పడిన నెలనెలా పేస్లిప్‌ను హెచ్‌ఆర్ పోర్టల్ నుంచి సొంత ఫోన్‌లోకి దించుకునే అలవాటు ఉంటే ఈ గొడవే రాదు. కంపెనీ కోడ్, డాక్యుమెంట్లు మాత్రం ఒక్కటి కూడా వెంట తీసుకెళ్లొద్దు. అది గుట్టు విషయం కాదు, కేసు విషయం.

ఆ తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారం వస్తుంది. తొందరలో నింపేస్తాం గానీ, మొత్తం ప్రయాణంలో అత్యంత ప్రమాదమైన కాగితం ఇదే. ప్రస్తుత కంపెనీ హెచ్‌ఆర్ మెయిల్, మేనేజర్ పేరు, ఫోన్ నంబరు అడుగుతుంది. మీరు రాజీనామా చేయకముందే ఏజెన్సీ ఆ మెయిల్‌కు ‘ఈ ఉద్యోగి వివరాలు సరైనవేనా?’ అని రాసిందంటే ఇక దాచడానికేం మిగలదు. ఫారంలో ప్రస్తుత కంపెనీని సంప్రదించవచ్చా అన్న ప్రశ్న ఉంటే ‘ఇప్పుడు వద్దు, రిలీవింగ్ తర్వాతే’ అని రాయండి. ఆ ప్రశ్నే లేకపోతే రిక్రూటర్‌కు మెయిల్ పెట్టి, ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకున్నాకే ఫారం పంపండి. పాత కంపెనీల వివరాలు ఇప్పుడే సరిచూసుకోవచ్చు. రెఫరెన్స్‌కు ఇప్పటి మేనేజర్ బదులు, కంపెనీ వదిలి వెళ్లిన మీ పాత టీమ్ లీడ్ పేరు ఇవ్వొచ్చు, ఆయన్ని ముందు అడిగి.

పీఎఫ్ యూఏఎన్ నంబరు కూడా అడుగుతారు. దాంతో ఏయే కంపెనీల్లో ఎప్పటినుంచి ఎప్పటిదాకా పనిచేశారో తెలిసిపోతుంది. కాబట్టి రెజ్యూమేలో తేదీలు దానికి సరిపోవాలి. ఆఫర్ రాకముందే యూఏఎన్ ఓటీపీ చెప్పమనే వాళ్లను మాత్రం నమ్మొద్దు.

90 రోజుల లెక్క

జూన్ 20న ఆఫర్ వచ్చిందనుకుందాం. ఫోన్లో ‘కంగ్రాట్స్’ అన్నారు. అప్పుడే చెప్పేయాలనిపిస్తుంది. వద్దు. ఫోన్ మాట ఆఫర్ కాదు. జీతంలో స్థిరమైనదెంత, వేరియబుల్ ఎంత, చేరాల్సిన తేదీ ఎప్పుడు అన్నవి రాసి ఉన్న లెటర్ మెయిల్‌కు రావాలి. మీరు ఒప్పుకుంటూ జవాబివ్వాలి. రాజీనామా ఆ తర్వాతే.

జూన్ 20నే రాజీనామా చేస్తే 90 రోజులకు సెప్టెంబరు 18. కొత్త కంపెనీ ఆగస్టు 20కే రమ్మంటుంది. మధ్యలో దాదాపు నెల తేడా. ఇక్కడే నోటీస్ కొనుక్కునే మాట వస్తుంది. నెల రోజుల మొత్తం జీతం కట్టాలంటే మన అమ్మాయికి 50 వేలు. కొన్ని కంపెనీలు బేసిక్ మీదే లెక్కేస్తాయి. బేసిక్ 20 వేలైతే కట్టాల్సింది అంతే. ఏ లెక్కో మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది. దాన్ని వెతుకులాట మొదలుపెట్టిన రోజే చదివి ఉంచుకోండి. అసలు కొనుక్కోవడానికి ఒప్పుకుంటారా, ఒప్పుకోవడం మేనేజర్ ఇష్టమా అన్నదీ అందులోనే తెలుస్తుంది. మేనేజర్ చేతిలో ఉంటే ఇన్నాళ్లు గుట్టుగా, పని చెడకుండా ఉన్నందుకు ఫలితం ఇప్పుడు కనిపిస్తుంది. ముందే తెలిసి మండిపడి ఉన్న మేనేజర్ ఒక్క రోజు కూడా తగ్గించడు. కొనుగోలు సొమ్ము కొత్త కంపెనీ ఇస్తుందా అని ఆఫర్‌కు ముందే అడగండి. కొన్ని ఇస్తాయి.

ఎవరైనా నేరుగా అడిగేస్తే?

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక రోజు మేనేజర్ కాఫీకి పిలిచి ‘ఏంటి, బయట చూస్తున్నావా?’ అని అడగొచ్చు. ‘అబ్బే, లేదండీ’ అని ఒట్టేస్తే, నెల తర్వాత రాజీనామా ఇచ్చేటప్పుడు ముఖం చెల్లదు. అలాగని అంతా చెప్పనవసరం లేదు. ‘రిక్రూటర్ల ఫోన్లు అందరికీ వస్తూనే ఉంటాయి కదండీ. ఇక్కడ వచ్చే ఏడాది నాకేం ఉందో తెలిస్తే బాగుండు’ అనండి. అబద్ధం లేదు, ఒప్పుకోలూ లేదు. ఒక్కోసారి ఆ మాటతోనే ప్రాజెక్టు మార్పో, జీతం పెంపో రావచ్చు.

చట్టం మాటేంటి? వేరే ఉద్యోగం వెతకడం నేరం కాదు. ఇక్కడ మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు చాలా అపాయింట్‌మెంట్ లెటర్లలో ఉంటుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ ప్రకారం అలాంటి షరతులు సాధారణంగా చెల్లవు. అయితే గోప్యత, క్లయింట్లను లాక్కోకూడదన్న షరతులు వేరు, శిక్షణ బాండ్ వేరు. వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. అలాగే వెతకడం వేరు, ఇక్కడ జీతం తీసుకుంటూ ఇంకోచోట పనిచేయడం వేరు. 2022లో విప్రో 300 మందిని తీసేసింది రెండో పనికే. కాబట్టి కొత్త కంపెనీ ‘రిలీవింగ్ తర్వాత చూద్దాం, ముందు సాయంత్రాలు కాస్త పని మొదలుపెట్టండి’ అంటే ఒప్పుకోవద్దు.

రాజీనామా సంగతి ముందు మేనేజర్‌కు నోటితో చెప్పండి, వెంటనే మెయిల్ పెట్టండి, ఆ తర్వాతే టీమ్‌కు. మీ పక్క సీటు వాళ్ల ద్వారా మేనేజర్‌కు తెలిస్తే మూడు నెలల జాగ్రత్త మూడు నిమిషాల్లో పోయినట్టే. ఇక లింక్డిన్‌లో కొత్త కంపెనీ పేరు పెట్టాలన్న ఆత్రం ఉంటుంది. రిలీవింగ్ లెటర్ చేతికొచ్చి, కొత్త చోట ఐడీ కార్డు మెడలో పడేదాకా ఆగండి. అప్పుడు ‘Notify network’ స్విచ్ మళ్లీ ఆన్ చేసుకోవచ్చు!